తమిళనాడు పన్నుతో వేసిన బిల్లు వల్ల ఆగిపోయిన ఇన్‌పుట్ క్రెడిట్‌పై ఫిర్యాదు

ట్రంక్ రోడ్డు, నెల్లూరు
3 నవంబరు 2025

అకౌంట్స్ మేనేజర్ గారికి,
తెలుగు జిల్లాల విభాగం, చెన్నై

అయ్యా,

విషయం: 22 ఆగస్టు 2025 నాటి మోటార్ల బిల్లులో ప్లేస్ ఆఫ్ సప్లై తప్పు, రూ. 43,200 క్రెడిట్ ఆగిపోవడం.

ఆ రోజు మీ చెన్నై గోడౌన్ నుంచి మా బండిలో రూ. 2,40,000 విలువైన మోటార్లు ఎత్తించుకున్నాం. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల రైతులు ముందే చెప్పి ఉంచిన సరుకు అది. బిల్లులో మా జీఎస్టీ నంబరు ఆంధ్రా కోడ్ 37తో సరిగ్గానే ఉంది. కానీ ప్లేస్ ఆఫ్ సప్లై దగ్గర మీవాళ్లు `33-Tamil Nadu` అని పెట్టి, రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేయాల్సిన 18 శాతం ఐజీఎస్టీ బదులు, రాష్ట్రం లోపలి అమ్మకంలా సీజీఎస్టీ 21,600, ఎస్‌జీఎస్టీ 21,600 వేశారు. సరుకు దిగిన రోజే ఫోన్ చేసి చెప్పాం. "ఎలా వేసినా పన్ను 43,200 యే కదా సార్" అన్నారు మీ బిల్లింగ్‌లో.

ఆ మాటే ఈ కష్టానికంతటికీ మూలం. సెప్టెంబరు 14న, మాకు ఏ బిల్లు మీద క్రెడిట్ వస్తుందో చూపే జీఎస్టీఆర్-2బి వచ్చింది. మా అకౌంటెంట్ కొనుగోలు రిజిస్టరుతో సరిపోల్చాడు. మీ ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, విలువ, పన్ను అన్నీ కలిశాయి, పైసా తేడా లేదు. మొత్తాలు మాత్రమే చూసి టిక్కు పెట్టేవాళ్లయితే అక్కడితో వదిలేసేవాళ్లు. అతను ఆ బిల్లు 2బిలో ఏ భాగంలో పడిందో కూడా చూశాడు. అది `ITC Not Available` షీట్‌లో ఉంది. పక్కన కారణం కూడా రాసి ఉంది: `POS and supplier state are same but recipient state is different`. ఇలా పడిన బిల్లు, కొన్నవాళ్లు బిల్లులను ఆమోదించే ఐఎంఎస్‌లోకి కూడా రాదు, కాబట్టి మా వైపు నుంచి ఆమోదించడానికి బటనే ఉండదు. మీ రాష్ట్ర ఖజానాకు వెళ్లిన పన్నును ఆంధ్రాలో కట్టాల్సిన దానికి సర్దుకోలేం. కేంద్రం వాటా కూడా దాంతోపాటే ఆగింది. సెప్టెంబరు 20న పన్ను కట్టే నెలవారీ రిటర్న్ 3బి వేసేటప్పుడు ఆ 43,200 మేం బ్యాంకు ఓడీలోంచి తీసి నగదుగా కట్టాం.

"మీ బండే వచ్చి మా గోడౌన్‌లో ఎత్తుకుంది కాబట్టి లోకల్ సేల్" అని తర్వాత మెయిల్‌లో రాశారు. ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(ఎ) ఒక్కసారి చదవండి. సరుకును కదిలించింది అమ్మినవారైనా, కొన్నవారైనా, ఇంకెవరైనా సరే, కొన్నవారికి అందజేయడానికి ఆ ప్రయాణం ఎక్కడ ముగిసిందో అదే ప్లేస్ ఆఫ్ సప్లై. బండి ఎవరిదన్నది అక్కడ లెక్కలోకి రాదు. మీరే తీసిన ఈ-వే బిల్లులో సరుకు చేరాల్సిన చోటు నెల్లూరు అని ఉంది. ఒకే సరుకుకు ఈ-వే బిల్లు ఆంధ్రా అంటుంటే, ఇన్‌వాయిస్ తమిళనాడు అంటోంది.

ఈ-ఇన్‌వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే నంబరు, ఐఆర్‌ఎన్, వచ్చి 24 గంటలు దాటితే దాన్ని రద్దు చేయలేరు. మీ ఆగస్టు 3బి వేసేలోపు జీఎస్టీఆర్-1ఎలో సరిచేసే వీలుండేది, అదీ పోయింది. ఇక మిగిలింది తర్వాతి నెల అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో పాత బిల్లులు సవరించే 9ఎ పట్టిక. సెప్టెంబరు రిటర్న్‌లో సరిచేస్తామన్నారు. అక్టోబరు 14న మా 2బిలో సవరణ కనిపించలేదు.

రెండుసార్లు పన్ను కట్టాల్సి వస్తుందన్న మీ భయం నాకు అర్థమైంది, అది నిజమైన ఇబ్బందే. కానీ దానికి చట్టంలోనే దారి ఉంది. మీరు ఐజీఎస్టీ 43,200 కట్టండి. పొరపాటున కట్టిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సీజీఎస్టీ చట్టం సెక్షన్ 77 కింద రిఫండ్ వస్తుంది. ఐజీఎస్టీ కట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు అడగాలి. ఆ ఐజీఎస్టీ మీద వడ్డీ కూడా పడదని ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 19(2) చెబుతోంది. డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుంటుంది, నిజమే. కానీ ఇప్పుడు ఇరుక్కుని ఉన్నది మా డబ్బు, తప్పు మాది కాకపోయినా.

కాబట్టి నవంబరు 11లోపు వేసే అక్టోబరు జీఎస్టీఆర్-1లో ఆ బిల్లును 9ఎలో తెరిచి, ప్లేస్ ఆఫ్ సప్లైని `37-Andhra Pradesh`గా మార్చి, ఐజీఎస్టీ 43,200 చూపండి. 14న మా 2బిలో అది క్రెడిట్ వచ్చే భాగంలో కనబడితే విషయం ముగిసినట్టే. 2026 నవంబరు 30 దాకా గడువుంది కదా అని పక్కన పెట్టకండి. ఆలోపు మీ వార్షిక రిటర్న్ వేసేస్తే ఆ గడువు కూడా ఉండదు.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో "గోడౌన్ డెలివరీ" ఎంచుకుంటే ప్లేస్ ఆఫ్ సప్లై దానంతటదే 33 అవుతోందని మీ సేల్స్ అబ్బాయి చెప్పాడు. అలాగైతే సొంత బండి పంపే ప్రతి ఆంధ్రా డీలర్‌కీ ఇదే జరుగుతూ ఉంటుంది. దాన్ని సరిచేయించి, మాకు రాతపూర్వకంగా తెలపండి.

14న కూడా సవరణ రాకపోతే, మీకు ఇవ్వాల్సిన తర్వాతి చెల్లింపులో రూ. 43,200 ఆపి ఉంచుతాం. క్రెడిట్ కనిపించిన రోజే దాన్ని పంపేస్తాం.

ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు కాపీలు, 2బి షీట్, మీ మెయిల్ దీనితో జతచేశాను.

ఇట్లు,
ప్రొప్రైటర్,
మోటార్లు, కేబుళ్ల వ్యాపారం, నెల్లూరు