గొడుగు గుడ్డ కాని జుట్టు

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయలేకపోయినందుకు మన్నించు. అమ్మ కులాసాగా ఉంది, పాప ఒడియా బడిలో మూడో తరగతికి వచ్చింది, వానలకు స్టూడియో వెనుక గోడ మళ్లీ చెమ్మెక్కింది. మిగిలిన కబుర్లు మరోసారి రాస్తాను. ఈ వారమంతా నేను కూర్చున్న ఒక్క ఫోటో సంగతి ఇప్పుడు నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

బరంపురంలో మనం పని నేర్చుకునే రోజుల్లో, ఒక పెళ్లి ఆల్బంలో నల్లరంగు నింపిన పెద్దమనిషి తల చూసి నువ్వు పెట్టిన పేరు గుర్తుందా? అచ్చం అటువంటి "గొడుగు గుడ్డ" ఒకటి పోయిన సోమవారం నా బల్ల మీదకు వచ్చింది. పాతపట్నం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చి, చనిపోయిన భర్త ఫోటో నా ముందు పెట్టి, "ఇది మా ఆయన తలేనా బాబూ, కుండ బోర్లించినట్టుంది" అన్నది. జబ్బు చేయక ముందు ఆయన ఉన్నట్టుగా, జుట్టు నల్లగా, నడినెత్తి నిండుగా ఉండాలని ఆమె వేరొక చోట చేయించుకున్న ప్రింటు అది. అసలు ఫోటో ఆమె మనవడి ఫోనులో ఉండడం నా అదృష్టం. ఎడమ కిటికీ వెలుగులో తీసిన చక్కటి ఫోటో, 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 ఎత్తు. అంటే 12 అంగుళాలకు 16 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది.

ఆ ప్రింటులో తప్పు ఎక్కడుందో నేను చాలాసేపు చూశాను. రంగు నలుపు కావడం తప్పు కాదు. జుట్టును మన కన్ను రంగుతో గుర్తుపట్టదు. ఒక వెంట్రుక వెలుగులో, పక్క వెంట్రుక నీడలో ఉండడం వల్ల ఏర్పడే సన్నని తేడాలతో గుర్తుపడుతుంది. వాళ్లు చిక్కటి నలుపును మామూలు బ్రష్‌తో పూసేసరికి ఆ తేడాలన్నీ దాని కింద పడిపోయాయి, కిటికీ వైపున ఉండవలసిన మెరుపు కూడా పోయింది. అందుకని ఈసారి నేను జుట్టు మీద రంగు పూయకూడదని, ఉన్న వెంట్రుకలనే ముదురు చేయాలని నిర్ణయించుకున్నాను.

ఫోటోషాప్‌లో Curves పొర ఒకటి పెట్టి, గీత మధ్య భాగాన్ని 128 నుంచి 65 దాకా దించాను. అంతటితో తెల్ల వెంట్రుకలు తెల్లగానే మిగిలిపోయాయి, ఎందుకంటే అవి గీత పై చివర ఉంటాయి. కాబట్టి ఆ చివరను కూడా 255 నుంచి 170కి దించవలసి వచ్చింది. ఫోటో అంతా చీకటి కాగానే Ctrl+I నొక్కి మాస్కును నల్లగా మార్చి, తెల్ల బ్రష్‌ను Flow 8 శాతంలో ఉంచి, జుట్టు వాలిన దారినే ఒక్కొక్క పాయ మీదుగా నాలుగైదుసార్లు పోయాను. కుదుళ్ల దగ్గర ఎక్కువసార్లు, తల గుండ్రం తిరిగి వెలుగు పడే పట్టీ మీద తక్కువసార్లు. తెల్లదీ బూడిదదీ రెండూ ముదిరాయి గానీ, వాటి మధ్య తేడా తగ్గినా పోలేదు. ఆ మిగిలిన తేడాయే జుట్టు.

అయితే అప్పుడు మరొక చిక్కు వచ్చింది. నెరిసిన వెంట్రుకలో రంగు ఉండదు కాబట్టి ముదురు చేస్తే అది నలుపు కాక, కిటికీ వెలుగుకు నీలం తిరిగిన బొగ్గు బూడిదలా కనిపించింది. ఆయన మెడ వెనుక ఇంకా నల్లగా మిగిలిన చోటు నుంచి రెండు రకాల గోధుమ ఛాయలు తీసుకుని, మరో పొరను Color అనే పద్ధతిలో పెట్టి, 25 శాతం మాత్రమే అద్దాను. ఆ పద్ధతి రంగును మారుస్తుంది గానీ వెలుగునీడలను ముట్టుకోదు. అదే పనిని నెరిసిన జుట్టు మీద మొదటే చేసి ఉంటే లేత గోధుమ రంగు వచ్చేది తప్ప ముదురు వచ్చేది కాదు. ముదురు చేయడం ముందు, రంగు తరువాత.

నడినెత్తి నాకు రెండు రోజులు పట్టింది. పలచబడిన చోట మనకు కనిపించేది జుట్టు లేకపోవడం కాదు, కింద మాడు మెరవడం. అందుకని ముందు మాడునే Multiply పొరతో, దాని చర్మం ఛాయతోనే కొంచెం ముదురు చేశాను. సగం పలుచన అక్కడే పోయింది. తరువాత కుడి వైపు ఒత్తుగా ఉన్న చోటు నుంచి ఒక ముక్కను, అంచులు 15 పిక్సెళ్లు మెత్తబరిచి, Ctrl+Jతో వేరు పొరగా తెచ్చి, అద్దంలోలా తిప్పి పెట్టాను. ఏదో తప్పుగా తోచింది గానీ ఏమిటో తెలియలేదు. రాత్రి భోజనం దగ్గర తట్టింది: ముక్కను తిప్పితే దాని మెరుపు కూడా తిరిగింది, కిటికీ ఎడమన ఉంటే ఆ ముక్కకు వెలుగు కుడి నుంచి పడుతున్నది. అది తీసేసి, ఎడమ వైపే కొంచెం వెనుక నుంచి మరో ముక్క తెచ్చి, తిప్పకుండా తల వంపుకు తగ్గట్టు వంచి కూర్చాను.

ఆ అతుకుల మీద ఒక్కొక్క వెంట్రుక గీశాను. 2 పిక్సెళ్ల బ్రష్, చివర సన్నబడేలా పెన్ను ఒత్తిడి, మూడు ఛాయలు. అందరూ ముదురు గీతలే గీస్తారు. పక్క వాటికంటే కొంచెం లేత గీతలు కూడా నాలుగింటికి ఒకటి చొప్పున గీస్తే తప్ప లోతు రాదని నాకు ఈ ఫోటోతోనే గట్టిగా తెలిసింది. నుదుటి అంచు దగ్గర గీతల మధ్య చర్మం కనిపించనిచ్చాను. ఆ అంచు నిండిపోతే విగ్గు అయిపోతుంది.

ఇంత చేసినా పెద్దది చేసి చూస్తే గీసిన చోటు సబ్బు పట్టించినంత నున్నగా ఉంది. ఫోను ఫోటోలో ఉండే సన్నని గరుకు నా గీతల్లో లేదు. 50 శాతం బూడిద పొరను Overlay పద్ధతిలో పెట్టి, Add Noise 3 శాతం, Monochromatic గుర్తు పెట్టి, గీసిన చోట మాత్రమే కనిపించేలా చేశాను. అప్పుడు కలిసింది.

మన టీకొట్టు పరీక్ష కూడా పెట్టాను. చిన్న ప్రింటు తీసి, స్టూడియో గుమ్మంలో నిలబెట్టి, రోడ్డు దాటి చూశాను. తెర మీద బాగున్నదే కాగితం మీద నల్లగా ముద్దకట్టి, ఎంత కష్టపడ్డానో అదంతా గొడుగు గుడ్డ వైపు జారింది. Curves పొరను 100 నుంచి 80 శాతానికి తగ్గించి మళ్లీ ప్రింటు తీస్తే పాయలు విడివిడిగా తేలాయి.

కణతల దగ్గర నెరుపు మాత్రం సగం అలాగే వదిలాను. ఆయన మీసం నెరిసే ఉంది. అరవై దాటిన చర్మం, ముడతలు, కళ్ల కింద నీడలు అన్నీ అలాగే ఉండగా తల ఒక్కటే ఇరవై ఐదేళ్లది అయితే ఎంత నైపుణ్యంగా చేసినా అతకదని నా నమ్మకం. ఆమె నల్లగా కావాలన్నది కదా, ఒప్పుకుంటుందో లేదో అని భయంగానే ఉంది. కాదంటే ఆ మాస్కు మీద మరో రెండుసార్లు పోతే చాలు, కానీ నాకు మనసు ఒప్పడం లేదు. నువ్వైతే ఏం చేసేవాడివో రాయి, నీ దగ్గర

వచ్చింది. మనవడితో రిక్షా దిగుతున్నది. ప్రింటు ఇంకా కాగితంలో చుట్టలేదు. ఉంటాను.

నీ
మిత్రుడు