శాపం అమ్మినవాడిది కాదు, కొన్నావిడదే తప్పట!

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ పత్రిక లోపలి పేజీలో ఓ మూలన వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. శాపం తీస్తానన్న ఒక జ్యోతిష్యుడికి డబ్బు ఇచ్చి మోసపోయిన ఒకావిడ గురించి ఆ వార్త. వెంటనే రాద్దామనుకున్నాను కానీ, కోపం కాస్త తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

'మూఢనమ్మకంతో నిండా మునిగిన మహిళ' అని శీర్షిక పెట్టారు. వార్తంతా ఆవిడ గురించే. ఆవిడ చదువు, ఆవిడ ఉద్యోగం, ఇంత చదువుకుని కూడా ఎలా నమ్మిందో అనే ఆశ్చర్యం. డబ్బు తీసుకున్నవాడి గురించి మాత్రం 'ఓ జ్యోతిష్యుడు' అని రెండు ముక్కలు. ఇంట్లో దొంగలు పడితే 'తాళం సరిగ్గా వేయని మహిళ' అని రాస్తారా మీరు?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను. బావగారు పోయిన ఏడాదిలోపే మా అక్క ఒకాయన దగ్గరికి వెళ్లింది. నేను ముప్పై ఏళ్లు లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. విషయం బయటపడ్డాక ఆవిడ పాస్‌బుక్కూ ఫోనూ ముందు పెట్టుకుని, ఏ తేదీన ఎంత పోయిందో ఒక కాగితం మీద రాశాను. రాశాక అర్థమైందేమిటంటే, ఇది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు. మెట్టు మెట్టుగా కట్టిన వ్యాపారం.

మొదటిసారి ఆయన పైసా తీసుకోలేదు. గంటసేపు మాట్లాడించాడు. లోపలికి పంపేముందు బయట ఒక అమ్మాయి కాగితం ఇచ్చి ఇంట్లో అందరి పేర్లు, పుట్టిన తేదీలు, ఎవరైనా పోయి ఉంటే ఎప్పుడు పోయారో రాయించుకుంది. పక్క కుర్చీలో కూర్చున్న మరో ఆవిడ 'మీకేం కష్టం వచ్చిందమ్మా' అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఆవిడ లోపలికి వెళ్లనూ లేదు, ఫీజు కట్టనూ లేదు. అరగంట తర్వాత ఆయన కళ్లు మూసుకుని 'మీ ఇంట్లో ఒక మగమనిషి అకాలంగా వెళ్లిపోయాడు, ఆయన మనసులో ఒక మాట ఉండిపోయింది' అనేసరికి మా అక్క ఏడ్చేసింది. కాగితం మీద ఉన్నదే చదివాడని అప్పుడు ఎలా తోస్తుంది? మిగతావన్నీ ఎవరికి చెప్పినా సరిపోయే మాటలే. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు 'ఇది నీ ఒక్కడి గురించే' అంటూ అందరికీ ఒకటే వర్ణన పంచాడు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున నాలుగు పైనే వేశారు. వాళ్లంతా కాలేజీ పిల్లలే. మీ శీర్షిక వాళ్లకు వర్తిస్తుందా?

తర్వాత నిమ్మకాయ. ఆయన మా అక్క తల చుట్టూ తిప్పి కత్తితో కోస్తే ఎర్రగా కారిందట. 'చూశావా, ఇది మీ వంశానికి తగిలిన శాపం, తర్వాత మీ అబ్బాయి మీదికి వస్తుంది' అన్నాడు. ఇది విన్న సాయంత్రమే నేను మా వంటింట్లో ఒక ఎర్ర మందార పువ్వు రేకులు కత్తి అంచుకు రెండు వైపులా బాగా రుద్ది ఆరబెట్టాను. ఆరాక కత్తి మీద పల్చటి నల్లటి మరక తప్ప ఏమీ కనిపించదు. అక్కను పిలిచి ఆవిడ కళ్ల ముందే నిమ్మకాయ కోశాను. రసం తగలగానే మరక ఎర్రగా కరిగి ముక్కల మీదుగా కారింది. మందారలో ఉండే రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, అంతే. అక్క చాలాసేపు ఆ ముక్కల వంకే చూసింది. 'నాకు ఇది ముందే ఎందుకు చూపించలేదురా' అంది. ఏం చెప్పను? నాకు ముందే చెప్పి ఉంటే కదా!

చెప్పకపోవడానికి కారణం ఆవిడ అమాయకత్వం కాదు. ఎవరికైనా చెబితే పూజ ఫలించదని ఆయన మొదటి రోజే మాట తీసుకున్నాడు. నా దృష్టిలో మొత్తం మోసానికి ఇరుసు అదే. శాపం ఉందనేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లలో నిజంగా నమ్మి చెప్పేవాళ్లూ ఉంటారు. కానీ ఇంట్లోవాళ్లకు చెప్పొద్దనేవాడికి, ఫలానా రోజు దాటితే నా చేతుల్లో లేదని గడువు పెట్టేవాడికి, జరిపే పూజ మీద కన్నా మీరు ఎవరితో మాట్లాడుతున్నారన్న దాని మీదే ఎక్కువ శ్రద్ధ. ఎందుకంటే రెండో మనిషి చెవిన పడితే అక్కడితో దుకాణం బంద్.

ఇక లెక్క. మొదట తీసుకున్న మొత్తాన్ని ఒక వంతు అనుకోండి. పదిహేను రోజులకు రెండోసారి తీసుకున్నది అయిదు వంతులు. మూడోసారి ఇరవై. నాలుగోసారి నూట యాభై, అది బావగారి తాలూకు డిపాజిట్టు గడువుకు ముందే విరగ్గొట్టి ఇచ్చింది. ప్రతిసారీ ముందు పూజ ఎందుకు పనిచేయలేదో ఒక కారణం సిద్ధంగా ఉండేది. నియమం తప్పారన్నాడు, ఎవరో చూశారన్నాడు, శాపం అనుకున్నదాని కన్నా లోతుగా ఉందన్నాడు. తప్పు ఎప్పుడూ డబ్బు ఇచ్చినవాళ్లదే. వైద్యం పనిచేయకపోతే డాక్టరును నిలదీస్తాం, ఇక్కడ రోగే క్షమాపణ చెప్పుకోవాలి. ఇచ్చినకొద్దీ ఆపడం కష్టమవుతుంది, ఎందుకంటే ఆపితే ఇప్పటిదాకా ఇచ్చింది పోయినట్టే కదా. చివరి మొత్తమైతే పూజలో పెట్టి శుద్ధి చేసి నలభై రోజులకు తిరిగి ఇస్తానన్నాడు. మూట కట్టి, ముడి వేసి, విప్పకూడదని ఆవిడ చేతికే ఇచ్చాడు కూడా. నలభయ్యో రోజున విప్పితే కత్తిరించిన కాగితాలు. కట్టేటప్పుడు ఒక మూట, చేతికిచ్చేటప్పుడు ఇంకో మూట.

ఆ డిపాజిట్టు విరగ్గొట్టిన బ్యాంకు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. పింఛను కాగితంలో సంతకం కొద్దిగా వంకర పోతే మూడుసార్లు తిప్పించే ఆ కౌంటరు, కళ్లు వాచిపోయి వచ్చిన ఒంటరి ఆడమనిషి అంత మొత్తం నగదు అడిగితే 'ఎందుకమ్మా' అని ఒక్క మాట అడగలేదు. అదే రోజు బీమా పాలసీ తీసుకోమని మాత్రం అడిగారట. పూర్వం మేము పనిచేసిన రోజుల్లో... సరే, ఆ పాట ఇప్పుడెందుకు.

స్టేషన్‌కు వెళ్తే అక్కడి మాట ఇంకా బాగుంది. 'ఇష్టపడి ఇచ్చారు కదండీ, ఇందులో నేరమేముంది' అన్నారు. అయ్యా, మోసపోయినవాళ్లందరూ ఇష్టపడే ఇస్తారు. బలవంతంగా లాక్కుంటే దాన్ని దోపిడీ అంటారు. మోసం చేసి డబ్బు రాబట్టడానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. చెప్పింది చేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని నమ్మించి పని చేయించుకోవడానికైతే విడిగా 354 ఉంది. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు, 1860 నాటి పాత శిక్షాస్మృతిలో 508గా ఉన్నదే. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ ఆగ్రహం నిందితుడు చేసే పని వల్లే కలుగుతుందని నమ్మించి ఉండాలి. 'మీ పూర్వీకుల శాపం, నాకేం సంబంధం' అంటే జారుకోవచ్చు. మా అక్క ఇక ఇవ్వలేనన్నప్పుడు ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లో 'మధ్యలో ఆపితే నేను చేసిన పూజ మీ అబ్బాయి మీదికే తిరగబడుతుంది' అని ఉంది. ఆ ఒక్క మెసేజ్ చెరిపేయకుండా ఉండబట్టి ఫిర్యాదు తీసుకున్నారు. మిగతావన్నీ 'పూజకు మంచిది కాదు' అని ఆయన చెరిపించేశాడు. కాబట్టి మీ పాఠకుల్లో ఎవరైనా ఇందులో ఇరుక్కుని ఉంటే ఆయనతో పోట్లాడకముందే మెసేజ్‌లన్నీ ఇంకో ఫోన్‌లోకి పంపుకోండి, ఇచ్చిన తేదీలు మర్చిపోకముందే కాగితం మీద పెట్టండి. పోట్లాడాక నంబరే ఉండదు. నగదుగా ఇచ్చింది రుజువు చేయడం చాలా కష్టం. మా లెక్కలో నగదు కాకుండా ఖాతాలోంచి వెళ్లింది ఆరు వంతులే, అంటే మొదటి రెండుసార్లు ఇచ్చినవి. ప్రస్తుతం కేసు నిలబడింది ఆ ఆరు వంతుల మీదే.

చదువురాని పల్లెల్లోనే ఇలా జరుగుతుందని మీ విలేకరి అనుకుంటే ఒక సంగతి చెబుతాను. మరియా డువాల్ అనే జ్యోతిష్కురాలి పేరుతో అమెరికాలో ఏళ్ల తరబడి ఉత్తరాలు వచ్చాయి. చూడ్డానికి ఒక్కరికే రాసినట్టుండేవి, నిజానికి అచ్చేసి లక్షల మందికి పంపినవి. పది లక్షల మందికి పైగా డబ్బు పంపారు, మొత్తం 17 కోట్ల డాలర్లు దాటింది. ఆ దందా నడిపినవాడికి 2024లో పదేళ్ల జైలు పడింది. అక్కడ కూడా మోసపోయినవాళ్లలో పెద్దవయసువాళ్లే ఎక్కువ. ఒకసారి డబ్బు పంపినవాళ్ల చిరునామాలకు ఇలాంటి వ్యాపారంలో గిరాకీ ఎక్కువ, ఒకసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇస్తారని.

అదే మాకూ ఎదురైంది. మొన్నీమధ్య మా అక్కకు ఒక కొత్త మనిషి ఫోన్ చేశాడు. ఇదివరకు ఎవరో మీకు చేసిన పూజ తిరగబడింది, నేను తీసేస్తాను, ఎవరికీ చెప్పకండి అన్నాడు. అక్క ఫోన్ నా చేతికిచ్చింది. రసీదు ఇస్తారా అని అడిగాను, పెట్టేశాడు. నంబరు ఎక్కడో చూసినట్టుందే అని పాత పేపర్లు తిరగేశాను. ఆ వార్తలోని మహిళ మూఢనమ్మకం గురించి మీరు అచ్చేసిన రోజు పేపరే, వెనక పేజీ, మూడో కాలమ్, పైనుంచి రెండో ప్రకటన. 'ఎటువంటి శాపమైనా 24 గంటల్లో పరిష్కారం' అని ఉంది.

ఇట్లు,
చాలా ఏళ్లుగా మీ చందాదారుడు