కిలోలీటరు నీటి ఖర్చు: దేంతో భాగించారో కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కుళాయి పన్ను పెంచాలనుకున్నప్పుడల్లా మున్సిపాలిటీ వాళ్లు ఒకే మాట చెబుతారు. కిలోలీటరు నీళ్లు, అంటే వెయ్యి లీటర్లు, ఇవ్వడానికి మాకు ఇన్ని రూపాయలవుతోంది, జనం కట్టేది మాత్రం ఇంతే అని. ఈమధ్య మీ పత్రికలోనూ అలాంటి వార్తే చదివాను. ఆ అంకె ఎక్కువా తక్కువా అని వాదించుకున్నారు గానీ, మొత్తం ఖర్చుని ఎన్ని నీళ్లతో భాగిస్తే ఆ అంకె వచ్చిందని ఎవరూ అడగలేదు. ఒక మున్సిపాలిటీ నీటి సరఫరా విభాగంలో 28 ఏళ్లు పనిచేసి రిటైరయిన మనిషిని. ఆ ప్రశ్న అడగకపోతే మిగతా వాదన అంతా వృథా అని నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏ ఊరి పేరూ ఎత్తకుండా, లెక్క తేలిగ్గా ఉండేలా గుండ్రటి అంకెలు తీసుకుంటాను. గోదావరి కాలువ కింద ఒక పట్టణం ఉందనుకోండి. కాలువ నీళ్లు మంచినీటి చెరువులో నింపుకుని, అక్కడి నుంచి రోజుకు కోటి లీటర్లు, అంటే 10,000 కిలోలీటర్లు, ఫిల్టర్ ప్లాంటుకి తోడుతున్నారు. పటిక కలిపి, మడ్డి దింపి, ఇసుక ఫిల్టర్లలోంచి వడగట్టి, క్లోరిన్ వేసి, సంపులోంచి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. రెండు దశల పంపింగూ కలిపి కిలోలీటరుకు అర యూనిట్ కరెంటు, యూనిట్ 7 రూపాయలు అనుకుంటే రోజుకు 35,000. పటిక, క్లోరిన్ కలిపి 4,500. జీతాలు 40,000. మరమ్మతులు 10,500. మొత్తం 90,000 రూపాయలు.

దీన్ని తోడిన 10,000 కిలోలీటర్లతో భాగిస్తే కిలోలీటరుకు సరిగ్గా 9 రూపాయలు వస్తుంది. చాలాచోట్ల కౌన్సిల్ ముందుకొచ్చేది ఈ 9 రూపాయలే.

కానీ తోడిన నీళ్లన్నీ ప్లాంటు దాటి బయటికి రావు. ఫిల్టర్లు మూసుకుపోతే శుభ్రమైన నీటినే కింద నుంచి ఎదురు తోసి వాటిని కడగాలి. మడ్డితో పాటు కొంత నీరు వదిలేయాలి. దీనికి 4 శాతం పోయిందనుకుంటే ప్లాంటు దాటేది 9,600 కిలోలీటర్లు. అక్కడి నుంచి మెయిన్ పైపుల్లో, జాయింట్ల దగ్గర, వీధుల్లో 30 శాతం కారిపోతే ఇళ్లకు చేరేది 6,720. అదే 90,000ని ఈ 6,720తో భాగించి చూడండి. 13 రూపాయల 39 పైసలు.

ఇంకా ప్లాంటు కట్టిన డబ్బు, పైపులు వేసిన డబ్బు ఇందులో లేదు. 60 కోట్లు ఖర్చయి 30 ఏళ్లు పనిచేస్తుందనుకుంటే, వడ్డీ పక్కన పెట్టినా రోజుకు సుమారు 55,000. అది కూడా కలిపితే 1,45,000. కుళాయి దగ్గర కిలోలీటరు 21 రూపాయల 58 పైసలు. ఊరు అదే, నీళ్లు అవే. ఒక లెక్కలో 9, ఇంకో లెక్కలో 21. రెండూ తప్పు కాదు. ఏ లెక్క ఏదో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం తప్పు.

లీకేజీ గురించి మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు కూడా ఒకచోట పొరబడతారు. 30 శాతం నీళ్లు పోతే ఖర్చు 30 శాతం పెరుగుతుందనుకుంటారు. కాదు. నూరు పంపితే డెబ్బై చేరాయి కాబట్టి నూరు రూపాయల భారాన్ని డెబ్బై మోయాలి. పెరిగేది 43 శాతం. సగం పోతే ఖర్చు రెట్టింపు. పైపులు పాతబడేకొద్దీ ఈ భారం ఒక్కసారిగా బరువెక్కేది ఇందుకే.

మరి ఆ 30 శాతం అనే మాట ఎక్కడి నుంచి వస్తుంది? నా బాధంతా ఇక్కడే. చాలా ప్లాంట్లలో బయటికి పంపే మొత్తం నీళ్లను కొలిచే బల్క్ మీటర్ ఉండదు, ఉన్నా పనిచేయదు. లాగ్ పుస్తకంలో పంపు ఎన్ని గంటలు నడిచిందో రాసి, పంపు ప్లేటు మీదున్న సామర్థ్యంతో గుణిస్తారు. గంటకు 300 కిలోలీటర్లని రాసున్న పంపు పదిహేనేళ్లు అరిగాక 300 ఇవ్వదు. దాన్ని తేల్చడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. సంపు 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటే దాని విస్తీర్ణం 300 చదరపు మీటర్లు. సంపులోకి వచ్చే నీళ్ల వాల్వ్ కట్టేసి, పంపు ఒక గంట నడిపి, నీటిమట్టం ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడాలి. పంపు నిజంగా 300 ఇస్తే మట్టం సరిగ్గా ఒక మీటరు దిగుతుంది. ఉద్యోగంలో ఉండగా మేము చూసిన ఒకసారి 82 సెంటీమీటర్లే దిగింది. అంటే 246 కిలోలీటర్లు. పుస్తకంలో ఏళ్ల తరబడి 300 అనే ఎక్కింది. ఆ తేడా అంతా లీకేజీ అని జనం మీద, పైపుల మీద పడుతుంది, నిజానికి ఆ నీళ్లు అసలు పంపింగే కాలేదు. అదే గంటలో ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఇంకో మనిషిని నిలబెట్టి, ట్యాంకు అవుట్‌లెట్ కట్టేసి, మట్టం ఎంత పెరిగిందో చూస్తే మధ్యలో మెయిన్ పైపు ఎంత కార్చిందో కూడా తేలిపోతుంది. ఒక పూట పని.

వీధి పైపుల్లో తేల్చడం ఇంత సులువు కాదు, అది ఒప్పుకోవాలి. ఇళ్లకు మీటర్లు లేవు. పైగా బిల్లు రాని నీళ్లన్నీ లీకేజీ కింద కలిపేస్తారు. వీధి కుళాయి దగ్గర పట్టుకున్న నీళ్లు, దొంగ కనెక్షన్ నీళ్లు ఎవరో ఒకరు తాగారు, వాడుకున్నారు. వాటికి డబ్బు రాలేదు గానీ అవి చేరాయి. భూమిలోకి పోయిన నీళ్లు ఎవరికీ చేరలేదు. ఈ రెండూ కలిపి నాన్ రెవెన్యూ వాటర్ అంటారు, అది 20 శాతానికి మించకూడదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే ప్రమాణం పెట్టింది. కానీ కిలోలీటరు ఖర్చు కట్టేటప్పుడు ఈ రెండింటినీ విడదీయాల్సిందే. మొదటిదానికి మందు బిల్లింగ్, రెండోదానికి మందు పార, క్లాంపు.

మా వీధి చివర సైడు కాలువలోంచి పైపు దాటే చోట ఒక ఇంటి కనెక్షన్‌ని వీధి పైపుకి కలిపే ఫెర్రూల్ వదులైంది. నెల నుంచి కారుతోంది. మొన్న పొద్దున్నే నీళ్లొచ్చే టైముకి 20 లీటర్ల బకెట్ పట్టుకెళ్లి కింద పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూశాను. 40 సెకన్లలో నిండింది. నిమిషానికి 30 లీటర్లు. పొద్దున గంట, సాయంత్రం గంట సరఫరా కాబట్టి రోజుకు 3,600 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న లెక్కన 26 మందికి సరిపోయే నీళ్లు ఆ ఒక్క ఫెర్రూల్ దగ్గర మురుగులో కలుస్తున్నాయి. నీళ్లు ఆగిపోయాక అదే కన్నంలోంచి మురుగు పైపులోకి వెళుతుంది, ఆ సంగతి వేరే రాయాలి.

దాని ఖరీదెంత? నెలకు 108 కిలోలీటర్లు. ఆ లీకు కట్టేస్తే మిగిలేది కరెంటు, పటిక, క్లోరిన్ ఖర్చు మాత్రమే, జీతాలూ ప్లాంటు ఖర్చూ తగ్గవు. పై లెక్కలో అది కిలోలీటరుకు 4 రూపాయల 11 పైసలు, నెలకు 444 రూపాయలు. క్లాంపూ కూలీ కలిపి 1,500 అయినా నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి 444 చిన్న మొత్తంలా కనిపిస్తుంది, అందుకే పని వాయిదా పడుతుంది.

అదే ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఆలోచించండి. ఇక చెరువు నిండదు. ఉన్న నీళ్లతోనే నెట్టుకు రావాలి. రోజుకు 10,000 చొప్పున 50 రోజులకు 5 లక్షల కిలోలీటర్లు దాచుకున్న ఊళ్లో, పైన చెప్పిన లీకేజీతో 1,44,000 కిలోలీటర్లు నేలపాలవుతాయి. ఆ ఊరు 14 రోజులు తోడుకునే నీళ్లవి. చివరి రోజుల్లో చెరువు అడుగంటితే ట్యాంకర్లు రావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్ 500 రూపాయలన్నా కిలోలీటరు వంద. మా వీధి లీకు అప్పుడు నెలకు 444 కాదు, 10,800. ఏ నెలలో కారిందన్నదాన్ని బట్టి దాని ఖరీదు మారిపోతుంది. వేసవిలో పన్నెండు నెలల సగటు ఖర్చు చూపించి లీకులు వదిలేయడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకన్నా వేరే లెక్క అక్కర్లేదు.

ఎత్తున్న ఊళ్లలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌కి వచ్చే కృష్ణా నీళ్లు చూడండి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. సాగర్ నిండా ఉన్నప్పుడు కూడా ప్రతి కిలోలీటరునీ 360 మీటర్లు ఎత్తాలి. పంపూ మోటారూ కలిపి 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే అందుకు 1.4 యూనిట్ల కరెంటు కావాలి. నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో రాపిడికి పోయేది అదనం. కోదండాపూర్‌లో శుద్ధి చేసి అంత దూరం తెచ్చిన నీళ్లు నగరంలో ఒక వీధి జాయింటు దగ్గర కారితే, డెల్టా ఊళ్లో కారిన నీళ్లకు దాదాపు మూడు రెట్ల కరెంటు నేలపాలైనట్టు.

పన్ను పెంచవద్దని నేను అనను. నీళ్లు ఊరికే రావని నాకంటే ఎవరికి తెలుసు? అడిగేది ఇంతే: బడ్జెట్ సమావేశానికి పెట్టే కాగితంలో తోడిన నీళ్లు, ప్లాంటు దాటిన నీళ్లు, ఇళ్లకు చేరిన నీళ్లు అని మూడు గళ్లు గీసి, మూడింటికీ కిలోలీటరు ఖర్చు విడివిడిగా రాయండి. ప్రతి అంకె పక్కన అది మీటర్ చూసి రాసిందా, పంపు గంటలు గుణించి రాసిందా చెప్పండి. ఏటా మార్చిలో, కాలువలు కట్టేయకముందే, సంపులో స్కేలు పెట్టి ఆ ఒక్క గంట పరీక్ష వార్డు సభ్యుల ఎదుట చేసి చూపించండి. స్కేలు నేను తెస్తాను.

ఇట్లు,
మున్సిపల్ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయిన ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా