వాపసు రావలసిన సొమ్ము కోసం హైకోర్టుకు ఎప్పుడు వెళ్లాలి? రెవెన్యూ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

మహబూబ్‌నగర్ నుంచి ఒక న్యాయవాది నమస్కరించి వ్రాయునది. భూమి రిజిస్ట్రేషన్ కోసం ముందే చలానా కట్టి, ఏదో ఒక కారణంగా రిజిస్ట్రేషన్ జరగక, కట్టిన సొమ్ము కూడా తిరిగి రాక ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న రైతులు పాలమూరు, నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపుల నుంచి నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లందరూ అడిగేది ఒకటే: "సార్, హైకోర్టుకు పోవాల్నా, ఇంకొన్ని రోజులు ఆగాల్నా?" నేను వాళ్లకు ఏం చెబుతున్నానో, ఎందుకు చెబుతున్నానో మీకు కూడా తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను. ఎందుకంటే వాళ్లు హైకోర్టు దాకా వెళ్లవలసి రావడానికి కారణం చాలా సందర్భాల్లో వివాదం కాదు, ఫైలు మీద ఎవరూ ఏమీ రాయకపోవడమే.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఒక రైతు పన్నెండు లక్షల విలువ గల పొలం కొనడానికి ఒప్పుకుని 2022 మార్చిలో చలానా కట్టాడనుకుందాం. 2021 జూలైలో పెరిగిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి విలువలో 7.5 శాతం, అంటే తొంభై వేల రూపాయలు. స్లాటు రోజున కార్యాలయానికి వెళితే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని చెప్పి రిజిస్ట్రేషన్ చేయలేదు. అమ్మినవాడు బయానా తిరిగి ఇచ్చేశాడు, కాబట్టి లావాదేవీ అక్కడితో ముగిసింది. చలానా సొమ్ము మాత్రం ప్రభుత్వ ఖాతాలోనే ఉండిపోయింది. రైతు రెండు నెలల్లోపు వాపసు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాడు. ఆ తరువాత సోమవారం ప్రజావాణిలో అర్జీలు పెట్టాడు. ప్రతిసారీ "ఫైలు పైకి పోయింది" అన్న మాటే వినబడింది. ఇవ్వబోమని ఎవరూ అనలేదు, ఇస్తామని ఎవరూ రాయలేదు.

ఈ మౌనం వల్ల రైతుకు జరిగే నష్టం ఆలస్యంతో ఆగదు. సొమ్ము రాబట్టుకోవడానికి సివిల్ దావా వేయాలంటే సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. అధికారులను ఆదేశించమని నేరుగా హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు చట్టంలో అలాంటి గడువు లేకపోయినా, పన్ను వాపసు కోరే రిట్లలో ఆ మూడేళ్లనే జాప్యానికి కొలమానంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1964లో భాయిలాల్ భాయి కేసులో చెప్పింది. అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ పోతే గడువు కూడా పెరుగుతుందని మన రైతులు నమ్ముతారు. అది నిజం కాదని 2008లో సి. జాకబ్ కేసులో అదే కోర్టు తేల్చింది. అంటే మన ఉదాహరణలోని రైతు మర్యాదగా ఎదురుచూసినకొద్దీ, 2025 మార్చి దాటాక, అతని ఓర్పే అతని మీద అభ్యంతరంగా నిలబడుతుంది.

అందువల్ల నా సలహా ఇలా ఉంటుంది. మొదటి ఏడాది కార్యాలయంలోనే ప్రయత్నించాలి. రెండో ఏడాదిలో చలానా నంబరు, తేదీ, మొత్తం, రిజిస్ట్రేషన్ ఎందుకు జరగలేదన్న కారణం, మొదటి దరఖాస్తు రసీదు అన్నీ ఒకే వినతిపత్రంలో చేర్చి, సొమ్ము ఇవ్వవలసిన అధికారికి రసీదు వచ్చేలా పోస్టులో పంపి, ఇన్ని వారాల్లో నిర్ణయం చెప్పమని అడగాలి. అధికారిని ఆదేశించే రిట్ కోరేవాడు ముందుగా అడిగాడనీ, అధికారి కాదన్నాడు లేదా పట్టించుకోలేదనీ చూపించాలి కాబట్టి ఈ కాగితం లేకుండా కేసు నిలబడటం కష్టం. దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంది, దాని మీద ఏమి రాశారు అని నోట్ ఫైలు నకలు అడగాలి. ముప్పై రోజుల్లో రావలసిన ఆ జవాబులో ఒక్కోసారి చాలా విలువైన వాక్యం దొరుకుతుంది. వాపసు ప్రతిపాదన పంపామని అధికారి సంతకంతో మూడేళ్లు నిండకముందే వస్తే, అది కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద బాకీని ఒప్పుకోవడమేననీ, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుందనీ వాదించవచ్చు. ఇవన్నీ చేసినా జవాబు రాకపోతే మూడో ఏడాది ముగిసేలోపు రిట్ వేయాలి.

అయితే వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను హైకోర్టుకు పంపను. సొమ్ము కట్టినట్టు కార్యాలయమే కాదంటున్నప్పుడు, లేదా కొనుగోలుదారుడే ఇష్టపూర్వకంగా వెనక్కి తగ్గాడా లేదా అన్న వాస్తవం మీద గొడవ ఉన్నప్పుడు సాక్ష్యాలు విచారించడం రిట్‌లో కుదరదు. అలాంటివాళ్లు సివిల్ కోర్టుకే వెళ్లాలి, దానికి ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. దరఖాస్తును తిరస్కరిస్తూ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చి, దాని మీద చట్టంలో అప్పీలు ఉంటే ముందు అక్కడికే వెళ్లమని కోర్టు అనవచ్చు. కేవలం డబ్బు వాపసు కోసమే వేసే రిట్‌ను మామూలుగా స్వీకరించరని 1965లో సుగన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా మరవకూడదు. అందుకే పిటిషన్‌లో డబ్బు ఇప్పించమని మాత్రమే అడగక, దరఖాస్తు మీద నిర్ణయం తీసుకోకపోవడం చట్టవిరుద్ధమని ప్రకటించమనీ, దాని ఫలితంగా సొమ్మును వడ్డీతో చెల్లించమని ఆదేశించమనీ కోరుతాం. రాజ్యాంగంలో సమానత్వాన్ని కాపాడే 14, చట్టం లేకుండా పన్ను వసూలు చేయరాదనే 265, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదనే 300-ఏ అధికరణాలు ఇక్కడే అక్కరకు వస్తాయి.

దీనికి మీ శాఖ ఇచ్చే మామూలు జవాబు, స్టాంపుల చట్టంలో వాపసు కోరడానికి ఉన్న కొద్ది నెలల గడువు దాటిపోయిందన్నది. రైతు తప్పు లేకుండా లావాదేవీ ఆగిపోయినప్పుడు ఇలాంటి సాంకేతిక అభ్యంతరాన్ని పట్టుకుని కూర్చోవడం ప్రభుత్వానికి తగదని సుప్రీంకోర్టు 2015లో లిబ్రా బిల్డ్‌టెక్ కేసులో చెప్పింది. 2024లో మహారాష్ట్ర నుంచి వచ్చిన మరో కేసులోనూ గడువు అభ్యంతరాన్ని పక్కన పెట్టి స్టాంపు డ్యూటీ తిరిగి ఇప్పించింది. మన ఉదాహరణలోని రైతు రెండు నెలల్లోపే దరఖాస్తు ఇచ్చి ఉన్నాడు కాబట్టి అతని పరిస్థితి ఇంకా బలమైనది.

రిట్ వేశాక కూడా చాలాసార్లు వచ్చేది డబ్బు కాదు, "వినతిపత్రాన్ని ఇన్ని వారాల్లో పరిశీలించండి" అనే ఉత్తర్వు. మా కక్షిదారులకు దీనిని ముందే చెబుతాను. పరిశీలించమన్నారే గానీ ఇవ్వమనలేదంటూ కార్యాలయం ఒక్క వాక్యంతో తిరస్కరిస్తే రెండో రిట్ వేయాలి. అసలు పట్టించుకోకపోతే ఏడాదిలోపు కోర్టు ధిక్కార పిటిషన్ వేయాలి. తొంభై వేల కోసం హైదరాబాదుకు తిరిగే ఈ ఖర్చును భరించగలమా అని ప్రతి కుటుంబం లెక్క వేసుకోవలసి వస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆ సంగతి మండల కార్యాలయాల నోటీసు బోర్డు మీద కనబడితే ఎంతో మేలు జరుగుతుంది.

మంత్రి గారూ, మిమ్మల్ని రెండు ఉత్తర్వులు కోరుతున్నాను. మొదటిది, ప్రతి వాపసు దరఖాస్తు మీద అరవై రోజుల్లో అవునని గానీ కాదని గానీ కారణాలతో లిఖితపూర్వకంగా చెప్పాలి. కాదన్నా సరే, రైతుకు సవాలు చేయడానికి ఒక కాగితం దొరుకుతుంది. రెండవది, మొదటి దరఖాస్తు సకాలంలో అంది, ఆలస్యం కార్యాలయంలోనే జరిగిన ఫైళ్లలో కాలపరిమితి అభ్యంతరాన్ని లేవనెత్తవద్దని ప్రభుత్వ ప్లీడర్లకు సూచన ఇవ్వాలి. ఇప్పటికే మూడేళ్లకు దగ్గరపడిన దరఖాస్తులను ఆయా జిల్లా కలెక్టర్ల ద్వారా ముందుగా బయటకు తీయించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఒక న్యాయవాది