జి-7 షాపు లీజు షరతులపై ఫిర్యాదు

లీజింగ్ మేనేజర్ గారికి,
కాంప్లెక్స్ నిర్వహణ కార్యాలయం, కూకట్‌పల్లి, హైదరాబాద్.

విషయం: సంతకానికి పంపిన లీజు ముసాయిదాలో మార్పులు కోరుతూ.

అయ్యా,

బ్లౌజుల కుట్టు, మగ్గం పని కోసం మీ కాంప్లెక్స్‌లో జి-7 షాపు తీసుకుంటానని రూ.25,000 టోకెన్ అడ్వాన్సు కట్టాను. ఆ రోజు మీ ప్రతినిధి చెప్పిన మాటలకూ, మీరు పంపిన ముసాయిదాకూ పొంతన లేదు.

షాపు 180 చదరపు అడుగులని, అడుగుకు రూ.100 చొప్పున నెలకు రూ.18,000 అద్దె రాశారు. లోపల గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిస్తే 9 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు, అంటే 117 అడుగులే వచ్చింది. మిగతా 63 అడుగులు మెట్లు, వరండా, టాయిలెట్లలో నా వాటా అన్నారు. ఆ లెక్కన నేను వాడుకునే ఒక్కో అడుగుకు దాదాపు రూ.154 పడుతోంది. సూపర్ బిల్టప్ మీద అద్దె తీసుకోవడం మామూలేనని నాకూ తెలుసు. కానీ ఆ మెట్లకూ వరండాకూ అద్దె తీసుకుంటూనే, వాటిని ఊడ్చే మెయింటెనెన్సు కూడా 180 అడుగుల మీదే వేయడం అన్యాయం. కార్పెట్ ఏరియా 117 అడుగులని లీజులో రాయండి, మెయింటెనెన్సు దాని మీదే లెక్కకట్టండి.

అంతకన్నా బాధ కలిగించింది లాకిన్ షరతు. మూడేళ్ల లోపు నేను ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలట. మీరు మాత్రం నెల ముందు చెప్పి ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చట! అల్మరాలు, లైట్లు, ట్రయల్ రూముకు రూ.2,50,000 దాకా పెడుతున్నాను. ఆరో నెలలో పొమ్మంటే ఆ డబ్బు గోడలకే పోతుంది. లాకిన్ ఇద్దరికీ ఒకేలా ఉండాలి. ఆ తర్వాత ఎవరు వదులుకోవాలన్నా మూడు నెలల నోటీసు ఇవ్వాలి.

మూడేళ్ల లీజును స్టాంపు పేపరు మీద నోటరీ చేయిస్తే చాలన్నారు. చాలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. కాకపోతే అందులో రాసుకున్న మూడేళ్ల గడువుకు కోర్టులో విలువ ఉండదు. నెలవారీ అద్దె కిందికి వస్తే పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, ఖర్చులో సగం నేను భరిస్తాను. యజమాని తరఫున మీ సంస్థ సంతకం పెడుతోంది కాబట్టి, ఆయన మీకిచ్చిన అధికార పత్రం నకలు కూడా పంపండి.

ఏటా ఐదు శాతం అద్దె పెంపు మాట్లాడుకున్నదే, దాని మీద పేచీ లేదు.

ఈ సవరణలతో వారం రోజుల్లో కొత్త ముసాయిదా పంపితే సంతకం చేస్తాను. కుదరదంటే టోకెన్ సొమ్ము నా ఖాతాలో వేయండి. ఒప్పందం కుదరకపోతే వాపసు ఇస్తామని మీరు స్టాంపు వేసిచ్చిన రసీదు నకలు జతచేశాను.

ఇట్లు,
జి-7 షాపుకు అడ్వాన్సు చెల్లించిన అద్దెదారు