కాఫీ హోటల్లో పక్క బల్ల దగ్గరున్న అమ్మగారికి

పెళ్లిచూపులయ్యాక పెద్దవాళ్లు మమ్మల్ని విడిగా మాట్లాడుకోమని బెంజి సర్కిల్ దగ్గర కాఫీకి పంపారు. జీతాలు, వంట, ట్రాన్స్‌ఫర్లు అన్నీ అయిపోయాయి. ఇడ్లీ వద్దని మారాం చేస్తున్న మీ పాపని చూస్తూ ఆయన, “నాకు ఒక బిడ్డని దత్తత తీసుకోవాలని ఉందండీ. ఇంట్లో చెప్పలేదు” అన్నారు. నేనూ ఎవరికీ చెప్పని ఆశ అదే!

మీరు విని కుర్చీ మావైపు జరుపుకున్నారు. మీ పాప కూడా అలా వచ్చిందేనన్నారు. పెళ్లయి కనీసం 2 ఏళ్లు కలిసి ఉండాలని, ఇద్దరి అంగీకారమూ కావాలని, మధ్యవర్తులకు డబ్బివ్వకుండా దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ వెబ్‌సైట్‌లోనే నమోదు చేసుకోవాలని చెప్పారు. చంటిబిడ్డే కావాలంటే ఏళ్లు పట్టొచ్చన్న సంగతీ దాచలేదు.

ముహూర్తం కుదిరింది. రెండిళ్లలోనూ చెప్పేశాం, కాబోయే అత్తగారికి మాత్రం ఇంకా మింగుడు పడలేదు. మీ పేరు తెలియదు, అందుకే ఇలా రాస్తున్నాం. చాలా థ్యాంక్సండీ.