జాయినింగ్ గడువు అడిగే పిల్లల చేతికి ఒక్క కాగితం ఇప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా ప్లేస్‌మెంట్ల పని చూస్తున్నాను. ఏటా జూన్ రెండో వారం దాటాక నా టేబుల్ దగ్గరికి వచ్చే పిల్లలు అడిగేది ఒకటే. 'మేడం, జాయినింగ్ డేట్ వచ్చేసింది, రిజల్ట్స్ ఇంకా రాలేదు. కంపెనీకి ఏం రాయమంటారు?' పరీక్షల విభాగాలూ కంపెనీలూ పట్టించుకోని విషయం ఇది. మీ పత్రిక ద్వారా వాళ్ల దృష్టికి వెళ్తుందని రాస్తున్నాను.

సమస్య ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆఫర్ లెటర్ చదవాలి. క్యాంపస్ సెలక్షన్లు ఎక్కువగా నాలుగో సంవత్సరం మొదట్లో అయిపోతాయి. అప్పటికి డిగ్రీ చేతిలో ఉండదు కాబట్టి, చేరే రోజుకు బ్యాక్‌లాగులు ఉండకూడదని, ఫలానా శాతం మార్కులు ఉండాలని, మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించాలని కంపెనీలు షరతు పెడతాయి. దాని కిందే ఇంకో వాక్యం ఉంటుంది. చెప్పిన తేదీకి రిపోర్టు చేయకపోతే ఆఫర్ రద్దయినట్టేనని. పిల్లలు జీతం అంకె చూసి సంబరపడతారు, ఈ వాక్యం దగ్గర ఆగరు. ఫలితాలు ఆలస్యమైనప్పుడు మాత్రం అన్నం పెట్టేది, నోట్లో మట్టి కొట్టేది ఆ వాక్యమే.

నిరుడు మా ఈసీఈ అమ్మాయి ఒకరి సంగతి చెప్తాను. నాన్నగారిది ఆటో. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ జూలై 7, సోమవారం రమ్మంది. నాలుగో సంవత్సరం ప్రాజెక్టు వైవా అయిపోయింది. మిగిలింది రెండో సంవత్సరం సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సప్లీ ఒక్కటే. మే నెలాఖరులో రాసింది. బాగా రాశానంది. నా దగ్గరికి వచ్చింది జూన్ 24న. అప్పటికే తనంతట తాను ఒక మెయిల్ పెట్టి నాలుగు రోజులైంది, జవాబు లేదు. ఫోన్ తీసి చూపించింది. రెండే లైన్లు: నా రిజల్ట్స్ ఇంకా రాలేదు, దయచేసి డేట్ మార్చండి. సబ్జెక్టు లైన్‌లో 'రిక్వెస్ట్' అని ఒక్క మాట. ఆఫర్ నంబరు లేదు, ఏ పరీక్ష ఫలితమో లేదు, ఎప్పటికి మార్చాలో లేదు.

ఆ మెయిల్‌కు జవాబు రాలేదంటే అవతలివాళ్లు మంచివాళ్లు కారని కాదు. హెచ్‌ఆర్‌లో ఒక మనిషి ముందు ఒకే రోజు చేరబోయే పిల్లలు వందలమంది ఉంటారు. వాళ్లను బ్యాచ్‌లుగా కట్టి ట్రైనింగ్‌కు పంపుతారు. ఒకరి తేదీ జరపడమంటే ఆ మనిషిని ఈ బ్యాచ్ నుంచి తీసి ఇంకో బ్యాచ్‌లో వేయడం. దానికి పైవాళ్ల దగ్గర అనుమతి తీసుకోవాలి. 'డేట్ మార్చండి' అన్న మాట పట్టుకుని ఆ అనుమతి అడగడం కుదరదు. ఏ తేదీకి, ఎందుకు, ఆ తేదీకి కూడా కాగితం రాకపోతే ఏమిటి అన్నవి మెయిల్‌లోనే ఉంటే అలాగే పైకి పంపేస్తారు.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. సబ్జెక్టు లైన్‌లో పేరు, ఆఫర్ నంబరు, ఇప్పుడున్న జాయినింగ్ తేదీ. లోపల ముందుగా ఆఫర్ అంగీకరించానని, తప్పక చేరతానని ఒక వాక్యం. గడువు అడిగేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటున్నారేమోనన్న అనుమానం హెచ్‌ఆర్‌వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. ఆ తర్వాత అసలు సంగతి: మిగిలింది ఒకే సబ్జెక్టు, ఫలానా తేదీన రాశాను, ఫలితం జూలై రెండో వారంలో వస్తుందని కాలేజీ చెబుతోంది, జూలై 21 సోమవారం చేరడానికి అనుమతించండి. ఆ రోజు కొత్త బ్యాచ్ లేకపోతే తర్వాతి బ్యాచ్‌లోనైనా చేరతాను. అలా కాకుండా 7వ తేదీనే చేరి, ఫలితం వచ్చాక మెమో ఇస్తానని హామీపత్రం రాసివ్వమన్నా సిద్ధమే. మెయిల్‌కు హాల్‌టికెట్, అప్పటిదాకా వచ్చిన అన్ని మెమోలు, ప్రిన్సిపాల్ లెటర్ జతచేశాం. చదివేవాళ్లకు ఫోన్‌లో ఒక్క చూపులో పడేంత చిన్నదిగా రాశాం.

రెండు వారాలే ఎందుకు అడిగామన్నది ముఖ్యం. ఫలితం వెబ్‌సైట్‌లో పడిన రోజూ, కాగితం చేతికొచ్చిన రోజూ ఒకటి కావు. ముందు హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కులు కనిపిస్తాయి. మెమోలు యూనివర్సిటీలో ప్రింటయి కాలేజీకి రావాలి. ఆ పైన ప్రొవిజనల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు మెమో వచ్చేదాకా ఆగాలంటే రెండు వారాలు ఏ మూలకూ రావు. అందుకే ఆన్‌లైన్ రిజల్ట్ ప్రింటు మీద ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ ముద్రతో 21న చేరతానని, ప్రొవిజనల్ ఇచ్చేందుకు విడిగా గడువు ఇవ్వమని మెయిల్‌లోనే అడిగించాను. ఈ మాట ముందు రాయకపోతే, ఫలితం వచ్చి పాసైనా గేటు దగ్గర ఒరిజినల్ లేదని వెనక్కి పంపే ప్రమాదం ఉంది.

ఇంకో లెక్క కూడా ఆ అమ్మాయికి దాచకుండా చెప్పాను. ఒకవేళ ఫెయిలైతే రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు, దాని ఫలితం అంటే ఇంకో నెల పైమాటే. ఈ రెండు వారాలు దానికి సరిపోవు. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ వారం వారం గడువు అడగడం కన్నా, ఉన్న సంగతి చెప్పి పెద్ద గడువే అడగాలి. దాచిపెట్టి చేరిపోవడం మాత్రం అసలు వద్దు. అంతకుముందు ఏడాది మా అబ్బాయి ఒకడు సప్లీ ఉన్న సంగతి చెప్పకుండా చేరాడు. మూడు నెలల తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో బయటపడింది. ఫెయిలైనందుకు కాదు, తప్పు చెప్పినందుకు తీసేశామని కంపెనీ రాసింది. ఆ తర్వాతి ఇంటర్వ్యూలన్నింటిలో ఆ మూడు నెలల గురించి వాడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇక ప్రిన్సిపాల్ లెటర్ సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. మెయిల్‌లో 'ఫలితం జూలై రెండో వారంలో' అని రాశామే, ఆ మాట మాకు ఎవరూ రాతపూర్వకంగా ఇవ్వలేదు. ఎగ్జామ్ బ్రాంచ్‌కు ఫోన్ చేస్తే 'వాల్యుయేషన్ నడుస్తోంది, త్వరలో' అన్నారు. త్వరలో అన్న మాటను ఏ హెచ్‌ఆర్ ఒప్పుకుంటుంది? అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ల నాన్న ఆటో ఆపుకుని యూనివర్సిటీకి స్వయంగా వెళ్లారు. ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు పంపారు. ఫలితం రాలేదని సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి తమ దగ్గర లేదన్నారు. ఆ రోజు బేరాలు పోయాయి, చేతికి కాగితం రాలేదు. చివరికి వాల్యుయేషన్‌కు వెళ్లొచ్చిన మా లెక్చరర్లను అడిగి, అంచనా వేసుకుని, మా ప్రిన్సిపాల్ గారు తన పూచీ మీద రాసిచ్చారు. అందరు ప్రిన్సిపాళ్లూ అలా రాయరు. రాయకపోవడం వాళ్ల తప్పు అని కూడా అనలేను, ఫలితం తేదీ వాళ్ల చేతిలో లేదు కదా.

డిగ్రీ పట్టాలను 180 రోజుల్లోగా ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనల్లో ఉంది. మంచిదే. కానీ పరీక్ష రాసిన నెలా నెలన్నరకే జాయినింగ్ పెట్టే కంపెనీల ముందు ఆ ఆరు నెలల లెక్క పనికిరాదు. నేను యూనివర్సిటీలను అడిగేది వాల్యుయేషన్ తొందరపడి చేయమని కాదు. తొందరలో దిద్దితే నష్టపోయేదీ మా పిల్లలే. చివరి సంవత్సరం పిల్లలు సప్లీ రాసి ఉంటే, 'ఈ హాల్‌టికెట్ నంబరు విద్యార్థి ఫలానా సబ్జెక్టు పరీక్ష రాశారు, ఫలితం వెలువడవలసి ఉంది, ఫలానా తేదీలోగా వెలువడుతుంది' అని కంట్రోలర్ సంతకంతో ఒక్క పేజీ ఇవ్వమంటున్నాను. హాల్‌టికెట్ దిగినట్టే అది కూడా వెబ్‌సైట్ నుంచి దిగాలి. నిజమో కాదో కంపెనీ చూసుకునేలా క్యూఆర్ కోడ్ ఉంటే చాలు. హాల్‌టికెట్లకు వాడే డేటాతోనే ఇది తయారవుతుంది, కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు.

కంపెనీలకు కూడా ఒక మనవి. ఆఫర్ లెటర్‌లో రద్దు వాక్యం ఉన్నచోటే, ఫలితాలు రానివాళ్లు ఎన్ని రోజుల ముందు, ఏ అడ్రసుకు, ఏ కాగితాలతో గడువు అడగాలో రెండు లైన్లు రాయండి. ఇప్పుడు అది తెలిసినవాళ్లున్న కాలేజీ పిల్లలకే దారి దొరుకుతోంది.

మా అమ్మాయికి జూన్ 30న జవాబు వచ్చింది. ముందు ఫోన్ చేసి సరేనన్నారు. ఫోన్ మాట చాలదని, కొత్త తేదీ మెయిల్‌లో పంపమని అడిగించాను. సాయంత్రానికి సవరించిన లెటర్ వచ్చింది, జూలై 21. ఫలితం జూలై 11 రాత్రి పడింది. సర్వర్ తెరుచుకోక పన్నెండింటిదాకా నంబరు కొడుతూనే ఉందట. 46 మార్కులతో పాసైంది. 21న ఆన్‌లైన్ ప్రింటుతో చేరింది. ప్రొవిజనల్ సెప్టెంబరులో ఇచ్చింది.

మే నెలలో సప్లీ రాసిన పిల్లలు ఈసారి కూడా మా దగ్గరికి వస్తున్నారు. నిన్న వచ్చిన ముగ్గురిలో ఒకరి జాయినింగ్‌కు ఇంకా పన్నెండు రోజులే ఉంది. వాళ్ల ప్రిన్సిపాల్ లెటర్‌లో ఏ తేదీ వేయాలో మాకు ఇంకా తెలియదు. ఆ ఒక్క పేజీ ఈ జూన్‌లోనే ఇప్పించమని యూనివర్సిటీల పరీక్షల విభాగాలను కోరుతున్నాను.

— ఒక కళాశాల ప్లేస్‌మెంట్ విభాగం ఉద్యోగిని, గుంటూరు జిల్లా